పేరాకు ఒక్క మాట: హార్బర్ పేరా ఒకటి విప్పి, మళ్లీ కడదాం

మా మేనకోడలు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు, అంశం విశాఖ మత్స్యకారుల జీవితం. రాసింది తీసుకుని పెదవాల్తేరులో మా ఇంటికొచ్చి, "మావయ్యా, తప్పులుంటే దిద్దు" అంది. తీరా చూస్తే దిద్దడానికి తప్పులేం లేవు. వత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, వాక్యాలూ బాగున్నాయి. కానీ ఒక పేరా చదివి కాగితం పక్కన పెట్టాక, ఆ పేరా ఏం చెప్పిందో నాకు గుర్తు రాలేదు. మళ్లీ చదివాను. అప్పుడూ అంతే.

ఇదీ ఆ పేరా:

"విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ చాలా పెద్దది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఈ సమయంలో ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు ఆర్థిక సాయం అందిస్తుంది. అంతేకాకుండా 2023 నవంబరులో హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి చాలా బోట్లు కాలిపోయాయి. బోట్లు వేటకు వెళ్లకపోవడంతో ఐస్ ఫ్యాక్టరీలకు పని ఉండదు, అలాగే చేపలు మోసేవాళ్లకు, ఎండు చేపలు అమ్మే ఆడవాళ్లకు కూడా ఇబ్బంది. బోట్ల యజమానులు ఈ సమయంలో మరమ్మతులు చేయించుకుంటారు. మన చేపలు, రొయ్యలు విదేశాలకు కూడా ఎగుమతి అవుతాయి. కాబట్టి మత్స్యకారులను ఆదుకోవాలి."

పైకి చూస్తే ఇందులో అబద్ధం ఒక్కటీ కనిపించదు. ఏ వాక్యానికా వాక్యం బాగానే ఉంది. కానీ ఇది పేరా కాదు, సంచిలో పడేసిన సామాను. దీన్ని ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఎలా బాగుచేశామో వరసగా చెప్తాను. మీ దగ్గర కూడా ఇలాంటి పేరా ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ప్రతి వాక్యం పక్కన ఒక ప్రశ్న రాయండి

పెన్సిల్ తీసుకోండి. ఒక్కో వాక్యం చదివి, అది ఏ ప్రశ్నకు జవాబో పక్కన మార్జిన్‌లో రాయండి. వాక్యం దేని గురించో రాయడం కాదు. "వేట నిషేధం గురించి" అని రాస్తే తొమ్మిదింటిలో ఐదారు వాక్యాల పక్కన అదే మాట పడుతుంది, పేరా అంతా ఒకే విషయం మీద ఉందన్న భ్రమ కలుగుతుంది. ప్రశ్న రాస్తే ఆ భ్రమ ఉండదు.

మా పిల్ల రాసిన ప్రశ్నలు ఇలా వచ్చాయి. హార్బర్ ఎలా ఉంటుంది? నిషేధం ఎప్పుడు? ఎందుకు? ప్రభుత్వం ఏం చేస్తుంది? 2023లో ఏం జరిగింది? వేట ఆగితే ఎవరి పని ఆగుతుంది? బోటు ఓనర్లు ఆ రోజుల్లో ఏం చేస్తారు? మన చేపలు ఎక్కడికి వెళ్తాయి? మనమేం చేయాలి?

తొమ్మిది వాక్యాలకు తొమ్మిది ప్రశ్నలు. మార్జిన్ చూసుకుని తనే నవ్వేసింది. "ఇది వ్యాసం కాదు మావయ్యా, క్విజ్" అంది.

ఒక పేరాలో రెండు ప్రశ్నలున్నా ఒక్కోసారి పర్వాలేదు, రెండోది మొదటిదాని కడుపులోంచి పుట్టినదైతే. "నిషేధం ఎప్పుడు?" అన్నదాని వెనకే "ఆ నెలల్లోనే ఎందుకు?" అని అడగడం సహజం. కానీ "ఎందుకు?" అన్న తర్వాత "2023లో నిప్పెలా అంటుకుంది?" అని ఎవరూ అడగరు. పక్కపక్క ప్రశ్నలు ఒకదాన్నుంచి ఒకటి పుట్టాయా లేదా అన్నది మార్జిన్ చూస్తేనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్నను ఎంచుకోవాలి. దేన్ని? నా లెక్క ఒకటే. మీ దగ్గర చెప్పడానికి నిజంగా సరుకున్నది, చదివేవాడికి ముందే తెలియనిది. నిషేధం తేదీలు ఏటా పేపర్లో వస్తాయి. గుడ్లు పెట్టే కాలమన్నది స్కూలు పిల్లలకు కూడా తెలుసు. కానీ బోట్లు ఆగితే ఐస్ ఫ్యాక్టరీకి ఏమవుతుందన్నది చాలామంది ఆలోచించరు. అందుకే ఆరో ప్రశ్న తీసుకున్నాం: వేట ఆగితే ఎవరి పని ఆగుతుంది?

మూల వాక్యం

పేరా మొత్తం ఏ మాట మీద నిలబడుతుందో దాన్ని చెప్పే వాక్యాన్ని టాపిక్ సెంటెన్స్ అంటారు. ఇక్కడ మూల వాక్యం అనుకుందాం. అందులో రెండు భాగాలుండాలి. ఒకటి విషయం, అంటే దేని గురించి మాట్లాడుతున్నామన్నది. రెండోది దాని మీద మీరు అనే మాట. ఈ రెండోది లేకపోతే అది శీర్షిక అవుతుంది గానీ మూల వాక్యం కాదు.

ఒకే ఊపులో వచ్చిందనుకోకండి. నాలుగు వాక్యాలు కొట్టేశాక ఐదోది నిలబడింది. ఆ నాలుగూ ఎందుకు పోయాయో చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ ఆ నాలుగు చోట్లే జారతారు.

మొదట రాసింది: "ఇప్పుడు వేట నిషేధం ప్రభావం గురించి తెలుసుకుందాం." ఇది చాటింపు. ఊళ్లో దండోరా వేసినట్టు, రాబోయేది చెప్పింది గానీ ఏమీ అనలేదు. కొట్టేశాం.

రెండోది: "వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఉంటుంది." నిజమే. కానీ దీని తర్వాత చెప్పడానికేముంది? దీనికి ఆధారం అక్కర్లేదు, వివరణ అక్కర్లేదు, ఎవరూ కాదనరు. ఉత్త నిజం మూల వాక్యం కాలేదు, అది ఇంకో మాటకు ఆసరాగా పనికొస్తుంది. ఈ 61ని దాచిపెట్టుకోమన్నాను, తర్వాత పనికొచ్చింది.

మూడోది: "వేట నిషేధం మత్స్యకారుల జీవితంపైన, ఆర్థిక వ్యవస్థపైన, పర్యావరణంపైన ఎంతో ప్రభావం చూపుతుంది." చూడ్డానికి ఘనంగా ఉంది. పోటీ వ్యాసాల్లో ఇలాంటివే ఎక్కువ కనిపిస్తాయి. దీనికి న్యాయం చేయాలంటే మూడు పేరాలు కాదు, మూడు వ్యాసాలు కావాలి. పైగా "ప్రభావం చూపుతుంది" అన్న మాటలో ఆ ప్రభావం మంచిదో చెడ్డదో కూడా లేదు. మూల వాక్యంలో ఆ మాట రాసి ఉంటే, ఏం ప్రభావమని మిమ్మల్ని మీరే నిలదీసుకోండి. ఆ జవాబే మీ అసలు వాక్యం.

నాలుగోది: "వేట నిషేధం చేపల్ని కాపాడుతుంది కానీ హార్బర్‌లో ఎంతోమందికి పని లేకుండా చేస్తుంది." ఇది దగ్గరకొచ్చింది. చిక్కల్లా ఆ "కానీ" దగ్గరే. ఇటు చేపలు, అటు మనుషులు. ఇలా రాశాక పేరాలో సగం చేపల గుడ్లకు పోతుంది. రెండు వైపులూ తూచి చూపించాలనుకుంటే "కానీ" ఉన్న మూల వాక్యం తప్పు కాదు, అప్పుడు పేరా ఆ తూకం గురించే నడవాలి. మనకిక్కడ తూకం అక్కర్లేదు, పని గురించి చెప్పాలి.

ఐదోది: "వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో, సముద్రం మీదికి ఎప్పుడూ వెళ్లనివాళ్లకు కూడా పని ఉండదు."

ఇది చదివితే మీకేమనిపించింది? "ఎవరు వాళ్లు? సముద్రానికే వెళ్లనివాళ్లకు పని ఎందుకు పోతుంది?" అనిపించిందా? అయితే వాక్యం పని చేస్తున్నట్టే. మూల వాక్యం చదవగానే పాఠకుడి నోట ఒక ప్రశ్న రావాలి, మిగతా పేరా అంతా ఆ ప్రశ్నకు జవాబు కావాలి. రెండు మూడు రకాల ప్రశ్నలొస్తే వాక్యం వెడల్పయిందన్నమాట. ఏ ప్రశ్నా రాకపోతే అది ఉత్త నిజం.

మన భాషకే చెందిన సంగతి ఒకటి చెప్పాలి. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. చదివేవాడు వాక్యం చివరిదాకా వెళ్లి, అక్కడ విన్న మాట పట్టుకుని తర్వాతి వాక్యంలోకి అడుగు పెడతాడు. కాబట్టి మీరు అనదలుచుకున్న మాట వాక్యం చివర్న ఉంటే మంచిది. "సముద్రం మీదికి ఎప్పుడూ వెళ్లనివాళ్లకు కూడా పని లేని రోజులుగా ఈ 61 రోజుల వేట నిషేధాన్ని చెప్పుకోవచ్చు" అని రాస్తే విషయం అదే, కానీ చివరికి చెవిలో మిగిలేది "చెప్పుకోవచ్చు". పేరా దాని మీద ఎలా నిలబడుతుంది? "అని చెప్పవచ్చు", "అనడంలో సందేహం లేదు", "అనే చెప్పాలి" లాంటి తోకలు మూల వాక్యం చివర కనిపిస్తే కోసేయండి. వాక్యం వెంటనే తేరుకుంటుంది.

వివరాలు ఏరడం, ఆరా తీయడం

ఇప్పుడు మన దగ్గర ఒకే ప్రశ్న ఉంది: ఎవరు వాళ్లు, ఎందుకు పని పోతుంది? పాత పేరాలోని వాక్యాలను ఒక్కొక్కటే దీని ముందు నిలబెట్టండి. జవాబు చెప్పేవి ఉంటాయి, మిగతావి బయటికి. పారేయకండి, వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆ లెక్కన ఐస్ ఫ్యాక్టరీలు, చేపలు మోసేవాళ్లు, ఎండు చేపలు అమ్మే ఆడవాళ్లు మిగిలారు. మిగతాదంతా వేరే కాగితం మీదికి వెళ్లింది. తనకు అన్నిటికంటే బాధేసింది అగ్నిప్రమాదం వాక్యం తీసేసినప్పుడు. "అది చాలా పెద్ద విషయం మావయ్యా" అంది. పెద్ద విషయమే. 2023 నవంబరు 19 రాత్రి పదుల కొద్దీ బోట్లు కాలిపోతే ఊరంతా చూసింది. కానీ అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. విషయం పెద్దదైనంత మాత్రాన పేరాలో చోటు దొరకదు. నిజానికి పెద్ద విషయమే ఎక్కువ ప్రమాదం. చిన్న వివరం దారి తప్పితే పాఠకుడు పట్టించుకోడు, నిప్పంటుకున్న బోట్లు కనిపిస్తే మాత్రం అటే చూస్తూ ఉండిపోతాడు, ఐస్ సంగతి మర్చిపోతాడు.

తర్వాత, ఉన్న మూడు వివరాలు నిజమేనా అని చూడాలి. ఇక్కడే మాకు ఒక దెబ్బ తగిలింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం హార్బర్‌కు వెళ్లాం. ఎండు చేపలు అమ్మే ఒకామెను అడిగితే ఆవిడ మా పిల్లను ఎగాదిగా చూసి, "నిషేధంలో మాకు బేరం లేదని ఎవరన్నారమ్మా? పచ్చి చేప దొరకనప్పుడే కదా ఎండు చేప కొనేది. ముందే ఆరబెట్టుకున్న సరుకు అమ్ముకుంటాం. అది అయిపోయాకే కష్టం" అంది. ఇంట్లో కూర్చుని ఊహించి రాసిన వివరం తలకిందులైంది. ఎండు చేపల వాళ్లను తీసేసి, పచ్చి చేపలు తట్టలో పెట్టుకుని వీధుల్లో అమ్మేవాళ్లను పెట్టాం. వాళ్ల దగ్గర నిల్వ సరుకుండదు కదా.

అదే రోజు ఇంకో సంగతి తేలింది. ఈ నిషేధం మరబోట్లకు, ఇంజన్ బిగించిన పడవలకు. ఇంజన్ లేని సంప్రదాయ తెప్పలకు వర్తించదు. అంటే ఆ రోజుల్లో కూడా కొద్దిపాటి చేపలు ఒడ్డుకు వస్తూనే ఉంటాయి. మరి మన మూల వాక్యం "పని ఉండదు" అంటోంది. అది ఎక్కువైంది. వివరాలు మోయగలిగినంత బరువే మూల వాక్యం మీద పెట్టాలి. అందుకే "వెళ్లనివాళ్లలో కూడా చాలామందికి పని తగ్గిపోతుంది" అని మార్చాం. జోరు కొంచెం తగ్గింది, నిజమే. కానీ హార్బర్‌లో ఒక్క రోజు తిరిగినవాడు కూడా ఇక దాన్ని కాదనలేడు. మూల వాక్యం ఒకసారి రాసేస్తే అయిపోయిందనుకోకండి. వివరాలు దొరికే కొద్దీ అది మారుతుంది, మారాలి.

ఇంకోటి. ఒక వివరం పేరు చెప్పి వదిలేస్తే అది ఆసరా కాదు. "ఐస్ ఫ్యాక్టరీలకు పని ఉండదు" అన్నది పేరు చెప్పడమే. ఎందుకుండదో చెప్పే మాట దాని కిందే ఉండాలి. మరబోటు రోజుల తరబడి సముద్రంలో ఉంటుంది. పట్టిన చేప పాడవకుండా ఉండాలంటే బయల్దేరేముందే టన్నుల కొద్దీ ఐస్ ఎక్కించుకోవాలి. ఇది చెప్తేనే బోటుకూ ఐస్‌కూ ఉన్న ముడి కనిపిస్తుంది. పేర్లు పది చెప్పడం కన్నా మూడు చెప్పి, ముడులు చూపించడం నయం. మా పిల్ల పాత వాక్యంలో ముగ్గురినీ ఒక్క వరసలో కూరేసింది, అందుకే ఒక్కరూ కనిపించలేదు.

వరస

మూడు వివరాలున్నాయి. ఏది ముందు? చాలామంది తోచిన వరసలో రాసి, మధ్యలో "అంతేకాకుండా", "అలాగే", "మరోవైపు" అని జిగురు పూస్తారు. ఈ మాటలు చెడ్డవేం కాదు, నేనూ వాడతాను. కానీ అవి ఏ రెండు వాక్యాలనైనా అతికిస్తాయి. ఆర్థిక సాయానికీ అగ్నిప్రమాదానికీ మధ్య పాత పేరాలో ఉన్నది ఒక్క "అంతేకాకుండా" మాత్రమే, చూడండి. మీ చిత్తు ప్రతిలో ఇలాంటి మాటలన్నిటినీ ఒకసారి కొట్టేసి చదవండి. వాక్యాలు అప్పటికీ ఒకదాని వెనక ఒకటి నడిస్తే వరస సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడ అడుగు తడబడితే అక్కడ నిజంగా సంబంధం లేదన్నమాట.

మా విషయంలో వరస చేపే చూపించింది. బోటు బయల్దేరేముందు ఐస్. తిరిగొచ్చాక సరుకు దించడం, వేరుచేయడం, వేలం. వేలం అయ్యాక తట్టలతో వీధుల్లోకి. ఈ దారిలో వెళ్తే జిగురు మాటలే అక్కర్లేదు.

పేరా మళ్లీ రాసింది:

"వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో, సముద్రం మీదికి ఎప్పుడూ వెళ్లనివాళ్లలో కూడా చాలామందికి పని తగ్గిపోతుంది. మొదటి దెబ్బ ఐస్‌కు తగులుతుంది. మరబోటు రోజుల తరబడి సముద్రంలో ఉండాలంటే బయల్దేరేముందే టన్నుల కొద్దీ ఐస్ ఎక్కించుకోవాలి. బోటు కదలకపోతే ఆ ఐస్ కొనేవాళ్లుండరు, దాన్ని బోటులోకి దించే కూలీలకు పిలుపు రాదు. వెళ్లని బోటు తిరిగి రాదు కాబట్టి ఒడ్డున దించడానికి సరుకూ ఉండదు. చేపల్ని రకాల వారీగా వేరుచేసేవాళ్లు, తట్టలు మోసేవాళ్లు, తెల్లవారుజామున వేలం పాడేవాళ్లు, అందరి సంపాదనా ఆ సరుకు మీదే. ఆ వేలంలో కొని, తట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో తిరిగి అమ్మే ఆడవాళ్లది చివరి వంతు. తెప్పల మీద వచ్చే కొద్దిపాటి చేపలకు వాళ్లంతా పోటీ పడతారు. ధర పెరిగిపోతుంది, తట్ట సగం కూడా నిండదు."

వాక్యాలు ఎలా చెయ్యి పట్టుకున్నాయో గమనించండి. ఐస్ ఎక్కించుకోవాలి అని ఒక వాక్యం ఆగితే తర్వాతిది "ఆ ఐస్" అంటుంది. "సరుకూ ఉండదు" అని ఆగితే "ఆ సరుకు మీదే" అని ఇంకోటి అందుకుంటుంది. వేలం వచ్చాక "ఆ వేలంలో" అంటాం. ముందు వాక్యంలోని మాటనే తర్వాతి వాక్యం తీసుకోవడం తెలుగులో చాలా హాయిగా కుదురుతుంది. ఇది చేసేటప్పుడు ఉత్త "అది", "ఇది", "దీనివల్ల" అని వదిలేయకండి. దీనివల్ల అంటే దేనివల్ల? ఐస్ లేకపోవడం వల్లా, బోటు రాకపోవడం వల్లా? "ఆ ఐస్" అంటే అనుమానమే ఉండదు.

పాత పేరా చివర్న ఉన్న "కాబట్టి మత్స్యకారులను ఆదుకోవాలి" తీసేశాం. తను కొంచెం గింజుకుంది. వ్యాసం అంటే చివర్న ఒక నీతి ఉండాలని స్కూల్లో నేర్పారట. ఆదుకోవాలన్నది కొత్త మాట, దానికి వేరే ఆధారాలు కావాలి, ఎవరు ఎలా ఆదుకోవాలో చెప్పాలి. పేరా చివర్లో కొత్త మాట ఎత్తుకుని వదిలేస్తే, అన్నం పెట్టి కూర వేయకుండా లేచిపోయినట్టు ఉంటుంది.

ఒక్క వాక్యంలో దాక్కున్న రెండు మాటలు

ఇది తెలుగులో ఎక్కువ, అందుకే విడిగా చెప్తున్నాను. మనకు "చేసి", "వెళ్తూ", "జరగడంతో", "ఉండటం వల్ల" అని ఒకదానికొకటి తగిలిస్తూ పోవచ్చు, వాక్యం ఎక్కడా తెగదు. అందువల్ల పేరాలో చూస్తే వాక్యం ఒకటే, కడుపులో మాత్రం మూడు సంగతులు.

అదే వ్యాసంలో ఇంకో చోట తను ఇలా రాసింది: "శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి బోట్ల మీద కలాసీలుగా పనిచేస్తూ, నిషేధంలో సొంతూళ్లకు వెళ్లిపోవడంతో పిల్లల చదువులు దెబ్బతిని, చాలామంది అప్పుల పాలవుతున్నారు." ఇందులో వలస ఉంది, చదువు ఉంది, అప్పు ఉంది. పైగా "వెళ్లిపోవడంతో చదువులు దెబ్బతిని, అప్పుల పాలవుతున్నారు" అంటే, చదువులు దెబ్బతినడం వల్లే అప్పులైనట్టు వినిపిస్తుంది. అది తన ఉద్దేశం కాదు.

అనుమానం వచ్చిన వాక్యాన్ని ఇలా పరీక్షించండి. అందులోని ప్రతి "ఇ", "తూ", "డంతో", "డం వల్ల" దగ్గర గీత గీసి, ఒక్కో ముక్కను పూర్తి వాక్యంగా మార్చండి. వాళ్లు ఫలానా జిల్లాల నుంచి వస్తారు. బోట్ల మీద కలాసీలుగా చేస్తారు. నిషేధంలో ఊళ్లకు వెళ్తారు. పిల్లల చదువులు దెబ్బతింటాయి. అప్పులవుతాయి. ఇప్పుడు మళ్లీ ఆ మార్జిన్ ప్రశ్నలు. మొదటి మూడూ "ఎవరు వాళ్లు, నిషేధంలో ఏం చేస్తారు?" అన్నదానికి జవాబు, కలిసి ఉండొచ్చు. చదువు ఒక పేరా, అప్పు ఇంకో పేరా. లేదా రెండూ వదిలేయాలి, మీ దగ్గర వివరాలు లేకపోతే. తన దగ్గర అప్పుల గురించి ఎవరో చెప్పగా విన్న ముక్క తప్ప ఏమీ లేదు. వదిలేసింది.

అవే వివరాలు, వేరే మూల వాక్యం

ఇంకొక్కటి చేసి చూడండి, పది నిమిషాల పని. బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి తీసుకోండి. అందరికీ తెలిసిన వివరాలే: 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరిలో విరమించింది. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. లోపల నడిచే దారి ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సినంత ఇరుకు.

మూల వాక్యం "కురుసుర మూడు దశాబ్దాలకు పైగా దేశానికి పనిచేసింది" అయితే తేదీలు, గస్తీ పనికొస్తాయి, ఇరుకు దారి బయటికి పోతుంది. "కురుసుర లోపలికి వెళ్తే నావికుల బతుకు ఎంత ఇరుకో ఒంటికి తెలుస్తుంది" అయితే ఆ దారే ముఖ్యం, 91 మీటర్లు కూడా అక్కరకొస్తుంది: బయటి నుంచి అంత పొడవు కనిపించేది, లోపల ఒక మనిషి వెడల్పు. 2001, 2002 మాత్రం ఇందులో పిలవని పేరంటమే. వివరం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు, ఏ వాక్యం కింద ఉందన్నదే ప్రశ్న.

మూల వాక్యం ఎప్పుడూ మొదట్లోనే ఉండాలా అని మీరు అడగొచ్చు. అక్కర్లేదు. ఒక దృశ్యంతో మొదలుపెట్టి రెండో వాక్యంలోనో మూడో వాక్యంలోనో అసలు మాట చెప్పొచ్చు, పేపర్లలో వ్యాసాలు రాసేవాళ్లు తరచూ అలాగే చేస్తారు. కథ చెప్తుంటే అసలు లేకపోయినా నడుస్తుంది. పరీక్ష పేపర్లో, పోటీ వ్యాసంలో, ఆఫీసు నోట్‌లో మాత్రం మొదటి వాక్యంగానే పెట్టండి. దిద్దేవాడి ముందు కట్టల కొద్దీ పేపర్లుంటాయి, అతను మీ మాట కోసం వెతుక్కోడు.

వేరేవాళ్ల చేత పరీక్ష

రాసినవాడికి తన పేరా ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది. అందుకని మూల వాక్యాన్ని చేత్తో మూసి, మిగతా పేరాను ఇంకొకరి చేత చదివించండి. "ఇది ఏం చెప్తోంది, ఒక్క ముక్కలో చెప్పు" అని అడగండి. మా ఇంట్లో మా ఆవిడకు ఇచ్చాం. పాత పేరా చదివి "హార్బర్ గురించి ఏదో" అంది. కొత్తది చదివి, "పాపం, చేపలు పట్టనివాళ్లకు కూడా ఆ రెండు నెలలూ గడ్డుకాలమే" అంది. మూసిన వాక్యానికి ఇంతకన్నా దగ్గరగా ఎవరూ చెప్పలేరు. ఆవిడ ఇంకేదైనా చెప్పి ఉంటే, ఉదాహరణకు "నిషేధం ఎత్తేయాలంటున్నారా?" అని ఉంటే, వివరాలు మూల వాక్యం ఒకవైపుంటే ఇంకోవైపు లాగుతున్నాయని అర్థం. అప్పుడు ఏది మార్చాలన్నది మీ ఇష్టం, వాక్యమైనా వివరాలైనా.

వ్యాసమంతా అయ్యాక ఒక్కో పేరాలో మూల వాక్యాన్ని మాత్రమే వరసగా బయటికి చదవండి. ఆ వేరే కాగితం మీదికి పోయిన వాక్యాలు ఇక్కడికొచ్చేసరికి తమ చోట్లు తాము వెతుక్కున్నాయి. "బోట్ల యజమానులు మరమ్మతులు చేయించుకుంటారు" అన్నది ఇలా మారింది: "అదే రెండు నెలలు హార్బర్‌లో కొందరికి మాత్రం ఊపిరాడనంత పని." దాని కింద వడ్రంగులు, రంగులు వేసేవాళ్లు, ఇంజన్ మెకానిక్‌లు, వలలు బాగుచేసేవాళ్లు వచ్చారు. ముందు పేరాలో ఐస్ కూలీలకు పని లేదని చెప్పాం కాబట్టి ఇది దాని వెనకే చక్కగా కూర్చుంది. అగ్నిప్రమాదానికి కూడా చోటు దొరికింది, నాలుగో పేరాలో: "హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఒకదానికి నిప్పంటుకుంటే పక్కదాన్ని కాపాడటం కష్టం."

ఎగుమతుల వాక్యం మాత్రం ఇంకా ఆ కాగితం మీదే ఉంది. రొయ్యలు ఏ దేశాలకు వెళ్తాయో కనుక్కుని వస్తానని చెప్పి వెళ్లింది మా పిల్ల. పోటీ గడువు శనివారం.